ఉత్తరానికి నడిచే ఇసుక

విశాఖపట్నం రేవు కట్టినప్పుడు ఇంజనీర్లను అన్నిటికన్నా ఎక్కువ వేధించింది ఇసుక. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన రేవు ముఖద్వారం పూడిపోతుందన్న భయంతో రెండు పాత ఓడలను అక్కడే సముద్రంలో ముంచేశారు. దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసుక వాటి చాటున ఆగిపోవాలని వాళ్ల ఆలోచన. 1933లో రేవు తెరుచుకుంది.

ఇసుక ఎందుకు నడుస్తుంది? నైరుతి రుతుపవనాల కాలంలో తూర్పు తీరాన్ని అలలు ఏటవాలుగా తాకుతాయి. ప్రతి అలా గుప్పెడు ఇసుకను ఉత్తరం వైపు కాస్త జరిపి పోతుంది. ఈశాన్య రుతుపవనాల్లో అందులో కొంత వెనక్కి వచ్చినా, ఏడాది చివర లెక్క తేలిస్తే మిగులు ఉత్తరానికే. విశాఖ దగ్గర ఈ మిగులు ఏటా లక్షల ఘనపు మీటర్లు ఉంటుంది. దీనికి అడ్డంగా ఏది కట్టినా దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన తీరం కోసుకుపోతుంది. చెన్నై రేవుకు దక్షిణాన మెరీనా బీచ్ అంత వెడల్పుగా పెరగడానికి, ఉత్తరాన రాయపురం తీరం అరిగిపోవడానికి కారణం ఒకటే.

కోత మొదలైందంటే జనం ముందు అడిగేది గోడ. అది తప్పని అనలేం. ఇంటి గుమ్మం దాకా నీళ్లొచ్చినవారికి రేపటిదాకా ఆగే తీరిక ఉండదు. అయితే గోడ కాపాడేది వెనకున్న రోడ్డును, ఇళ్లనే. ముందున్న ఇసుకను కాపాడలేదు. అల గోడకు కొట్టుకుని వెనక్కి మళ్లేటప్పుడు దాని పాదం దగ్గర ఇసుకను తవ్వేస్తుంది. కింది వరస రాళ్లు కుంగడం, పైరాళ్ల మధ్య సందులు పెరగడం కనిపిస్తే పునాది ఖాళీ అవుతోందని అర్థం. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఇసుక నింపిన భారీ సంచులతో, అంటే జియోట్యూబులతో, గోడ కట్టారు. తుపానులకు అవి చిరిగి, కుంగిపోయాయి. బీచ్ రోడ్డు మళ్లీమళ్లీ తెగింది. ఇసుక ఒడ్డు పోయి రాళ్లే మిగిలిన చోట పడవ లాగి పెట్టుకోవడానికీ, అలివి వల లాగడానికీ మత్స్యకారులకు జాగా ఉండదు. ఏ అంచనా పత్రంలోనూ ఈ నష్టానికి ఒక వరస కూడా కేటాయించరు.

ఇక ఖర్చు. కేరళలోని చెల్లానంలో నాలుగు కాళ్ల కాంక్రీటు దిమ్మెలు పేర్చి సుమారు ఏడు కిలోమీటర్ల గోడ కట్టే పథకానికి 344 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. కిలోమీటరుకు 45 కోట్లకు పైమాటే. చెల్లానం ఊపిరి పీల్చుకుంది. గోడ ఆగిపోయిన చోటికి ఉత్తరాన ఉన్న కన్నమాలి వాసులు మాత్రం తమ ఇళ్లలోకి నీళ్లొస్తున్నాయని రోడ్డెక్కారు.

గ్రోయిన్లు ఒడ్డు నుంచి సముద్రంలోకి అడ్డంగా వేసే రాతి గట్లు. తీరం పొడవునా కాక అక్కడక్కడ వేస్తారు గనక ఖర్చు సాధారణంగా గోడకన్నా తక్కువ. ఇవి కొత్త ఇసుకను పుట్టించవు, వెళ్లేదాన్ని ఆపుకుంటాయి. ఆపుకున్నదంతా పక్క ఊరి వాటా. అమెరికాలోని వెస్ట్‌హాంప్టన్‌లో 1960ల నుంచి 1970 వరకు పదిహేను గ్రోయిన్లు కట్టి, వరస పూర్తికాకుండానే ఆపేశారు. వాటి మధ్య బీచ్ చక్కగా పెరిగింది. ఇసుక అందని పడమటి భాగం ఏటేటా సన్నబడి, 1992 డిసెంబరు తుపానుకు నేల రెండుగా తెగి సముద్రం లోపలికి దూసుకొచ్చింది. ఇళ్లు కొట్టుకుపోయాయి. చివరికి వ్యవహారం కోర్టుకెక్కి, ముప్పై ఏళ్లపాటు అక్కడ ఇసుక పోయాలన్న ఒప్పందంతో ముగిసింది. గ్రోయిన్లు కట్టిన రోజే వాటి మధ్య ఖాళీలను బయటి ఇసుకతో నింపి ఉంటే పక్కవారి వాటాకు ఇంత గండి పడేది కాదు.

మూడో దారి, పోయిన ఇసుకను తెచ్చి పోయడం. ఎంత కావాలో స్థూలంగా లెక్క వేయవచ్చు. బీచ్ పైనున్న ఎత్తు నుంచి నీటి అడుగున అలలు ఇసుకను కదిలించే లోతు వరకు పది మీటర్లనుకుందాం. రెండు కిలోమీటర్ల తీరాన్ని ముప్పై మీటర్లు వెడల్పు చేయాలంటే ఆరు లక్షల ఘనపు మీటర్లు పడుతుంది. ఘనపు మీటరుకు 300 రూపాయలనుకుంటే 18 కోట్లు, అంటే కిలోమీటరుకు తొమ్మిది కోట్లు. చెల్లానం గోడ ఖర్చుతో ఐదుసార్లు పోయవచ్చు. పోసిన ఇసుక శాశ్వతం కాదు, కొట్టుకుపోతూనే ఉంటుంది. ఒడ్డున నిట్టనిలువు మెట్టు పడిందంటే అలలు దాన్ని కోస్తున్నాయని తెలుస్తుంది. అయినా పోయినదంతా వృథా కాదు, ఉత్తరాన ఉన్న ఊరికి చేరుతుంది. రేణువు పాత ఇసుకంత గరుకుగా ఉండాలన్నది ముఖ్యమైన షరతు. సన్నటి బురద ఇసుక పోస్తే కొద్ది నెలల్లోనే లోతుకు జారిపోతుంది. తవ్విన చోట సముద్రగర్భంలోని జీవాలకు హాని తప్పదు.

విశాఖకు ఇందులో ఒక వెసులుబాటు ఉంది. రేవు లోతు నిలుపుకోవడానికి అక్కడ డ్రెడ్జర్ ఎలాగూ ఇసుక తవ్వాలి. దాన్ని నడిసముద్రంలో పారబోయకుండా గొట్టాలతో ఆర్కే బీచ్ వైపు పంపితే అదనంగా పడేది పంపింగ్ ఖర్చే. రేవు ఆపిన ఇసుకను రేవే దాటించడం అది. 2014లో హుద్‌హుద్ వచ్చి వెళ్లాక బీచ్ రోడ్డు అంచు కోసుకుపోయినప్పుడు నగరం ఆధారపడింది కూడా ఈ పద్ధతి మీదే. కొత్త రేవులకు అనుమతి ఇచ్చేటప్పుడే ఉత్తరాన ఏటా ఎంత ఇసుక పోయాలో, ఆ ఖర్చు ఎవరు భరించాలో కాగితం మీద రాయించుకోవాలి.