జీతంపై అదనంగా కోసిన పన్ను సర్దుబాటు

జీతంపై అదనంగా కోసిన పన్ను సర్దుబాటు అనగా, ఉద్యోగి జీతం నుండి యజమాని అవసరానికి మించి కోసిన ఆదాయపు పన్నును అదే ఆర్థిక సంవత్సరపు తరువాతి నెలల కోతలో తగ్గించే ప్రక్రియ. 2024-25 సంవత్సరానికి వర్తించిన ఆదాయపు పన్ను చట్టం, 1961 లోని 192(3) సెక్షను ఇందుకు అవకాశమిచ్చింది. ప్రభుత్వ కార్యాలయాలలో, ఉదాహరణకు భద్రాచలం ఐటీడీఏ పరిధిలోని ఆశ్రమ పాఠశాలలలో, జీతాల బిల్లు చేసే డ్రాయింగ్ అధికారి (డీడీవో) ఈ పని చేస్తాడు.

సర్దుబాటు విధానం

యజమాని ఏడాది మొత్తం జీతాన్ని ముందుగా అంచనా వేసి, పన్నును 12 నెలలకు పంచుతాడు. అంచనా మారినప్పుడు పన్నును తిరిగి లెక్కించి, అప్పటికే కోసినది తీసివేసి, మిగిలినదానిని మిగిలిన నెలలకు పంచాలి. 2024 జూలై 23 నాటి బడ్జెట్ కొత్త పన్ను విధానంలోని శ్లాబులను మార్చి, ప్రామాణిక తగ్గింపును 50,000 నుండి 75,000 రూపాయలకు పెంచింది. ఈ మార్పు ఏప్రిల్ నుండే వర్తించినందున, అప్పటికి కోసిన పన్ను చాలామందికి ఎక్కువైంది.

ఉదాహరణ

కొత్త విధానంలో ఉన్న ఒక ఉపాధ్యాయుని వార్షిక జీతం 12,00,000 రూపాయలు అనుకుందాం. పాత అంచనా ప్రకారం సెస్సుతో కలిపి పన్ను 85,800, అనగా నెలకు 7,150 రూపాయలు. బడ్జెట్ తరువాత అది 71,500 రూపాయలకు తగ్గింది. ఏప్రిల్ నుండి జూలై వరకు 28,600 కోయగా, మిగిలినది 42,900. దీనిని 8 నెలలకు పంచితే నెలకు సుమారు 5,363 రూపాయలు. ఇలా చేస్తే ఉద్యోగికి వేరుగా రిఫండు ఉండదు. చేతికి వచ్చే జీతమే పెరుగుతుంది.

డీడీవో సవరించక మార్చి వరకు 7,150 చొప్పున కోస్తే, 14,300 రూపాయలు అదనమవుతాయి.

సంవత్సరం ముగిసిన తరువాత

మార్చి జీతం తరువాత, ఖజానాకు జమ అయిన ఈ సొమ్మును యజమాని ఉద్యోగికి తిరిగి ఇవ్వలేడు. ఉద్యోగి రిటర్ను దాఖలు చేసి, ఆదాయపు పన్ను శాఖ నుండి రిఫండు పొందాలి. గడువులోగా దాఖలు చేస్తే ఏప్రిల్ 1 నుండి నెలకు అర శాతం వడ్డీ వస్తుంది. పై ఉదాహరణలో ఆగస్టులో రిఫండు వస్తే, 5 నెలల వడ్డీ సుమారు 358 రూపాయలు. రిఫండు మొత్తం అసలు పన్నులో 10 శాతం లోపు ఉంటే వడ్డీ ఇవ్వరు. వచ్చిన వడ్డీ కూడా పన్ను వర్తించే ఆదాయమే.

చిక్కులు

జీతం చీటీలో కోత కనిపించినంత మాత్రాన రిఫండు రాదు. అది ఉద్యోగి పాన్ సంఖ్యపై 26ఏఎస్ ఫారంలో కనిపించాలి. ఖజానా ద్వారా పుస్తక సర్దుబాటు జరిగిన చోట, 24జీ నివేదిక వలన వచ్చే బిన్ సంఖ్యను డీడీవో తన 24క్యూ త్రైమాసిక నివేదికలో సరిగా చూపాలి. ఫారం 16, 26ఏఎస్ అంకెలు కలవకపోతే, రిటర్నుకు ముందే 24క్యూను సవరింపజేసుకోవాలి.

ఏజెన్సీలోని గిరిజన ఉద్యోగులు కోత మొత్తం తిరిగి వస్తుందని ఆశించరాదు. 10(26) సెక్షను మినహాయింపు ఆరవ షెడ్యూలు ప్రాంతాలకు, కొన్ని ఈశాన్య రాష్ట్రాలకు, లడఖ్‌కు చెందినది. భద్రాచలం ఐదవ షెడ్యూలు ప్రాంతం.