99.99 అని రాసే ముందు

క్లౌడ్, డెవాప్స్ ఉద్యోగాలకు వచ్చే రెజ్యూమేల్లో ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది. ‘ఏడబ్ల్యూఎస్ సర్వర్లను నిర్వహించి 99.99 శాతం అప్‌టైమ్ సాధించాను’ అన్నది ఆ వాక్యం. అది ఏ సర్వీసుకో, ఎన్ని నెలలకో, దేనితో కొలిచారో మాత్రం రాయరు. ఇంటర్వ్యూ చేసే సీనియర్ ముందు పట్టుకునేది ఆ అంకెనే. అది నిలబడకపోతే మిగతా పేజీలో ఉన్న నిజమైన పనిని కూడా ఎవరూ నమ్మరు. నిజంగా కష్టపడిన పిల్లలు ఈ ఒక్క వాక్యం వల్ల వెనక్కి పోవడం బాధ కలిగిస్తుంది.

అప్‌టైమ్ అంటే వెబ్‌సైటో, యాప్ వెనకాల నడిచే సర్వీసో మొత్తం సమయంలో ఎంత భాగం పనిచేసిందన్న లెక్క. నెలకు 30 రోజులనుకుంటే 43,200 నిమిషాలు. 99.9 శాతం అంటే అందులో 43 నిమిషాలు ఆగిపోవచ్చు. 99.99 అంటే నాలుగు నిమిషాల పైచిలుకే. అర్ధరాత్రి అలర్ట్ మోగితే మనిషి లేచి, ల్యాప్‌టాప్ తెరిచి, వీపీఎన్ కలిపేసరికే ఆ నాలుగు నిమిషాలు అయిపోతాయి. అందుకే చివర ఇంకో తొమ్మిది చేర్చారంటే, మనిషి చెయ్యి పడకుండా సిస్టమ్ తనంతట తానే కోలుకునే ఏర్పాటు ఉందని అర్థం. ‘ఆ ఏర్పాటు ఏమిటి?’ అన్నదే తర్వాత వచ్చే ప్రశ్న.

చాలామంది రాసే 99.99 అసలు కొలిచిన అంకె కాదు. ఒకే రీజియన్‌లో ఒకటికి మించిన జోన్లలో నడిపే ఈసీ2 సర్వర్లకు అమెజాన్ ఎస్‌ఎల్‌ఏలో ఇచ్చే హామీ 99.99 శాతం. అది మాట తప్పితే బిల్లులో కొంత క్రెడిట్ ఇస్తామనే ఒప్పందం. ఆ సర్వర్ మీద మీరు నడిపిన యాప్ ఎంతసేపు నిలబడిందో అది చెప్పదు. సర్వర్ భేషుగ్గా తిరుగుతూనే యాప్ పడిపోవచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బస్సు టికెట్ల బుకింగ్ సర్వీసు చూసుకునే నలుగురి టీంలో ఒక ఇంజనీరు ఉన్నాడనుకుందాం. జనవరి నుంచి మార్చి దాకా 90 రోజుల్లో సర్వీసు రెండుసార్లు ఆగింది. కొత్త రిలీజ్‌లో తప్పు దొర్లి 22 నిమిషాలు ఒకసారి, సైట్ సర్టిఫికెట్ గడువు తీరి 38 నిమిషాలు ఇంకోసారి.

```
90 × 24 × 60 = 129600
(129600 − 60) ÷ 129600 × 100 = 99.95
```

99.99 కావాలంటే మూడు నెలల్లో 13 నిమిషాలకు మించి ఆగకూడదు. రెండింటిలో ఏ ఒక్కటి జరిగినా ఆ మాట చెల్లదు. రాయాల్సింది 99.95. అది సిగ్గుపడాల్సిన అంకె కాదు.

ఈ రెండోదాన్ని కాస్త దగ్గరగా చూడాలి. సర్టిఫికెట్ గడువు తీరితే సర్వర్లు ఆగవు. ప్రాసెసర్, మెమరీ గ్రాఫులన్నీ మామూలుగానే ఉంటాయి. లోపలి హెల్త్ చెక్ చాలాచోట్ల సర్టిఫికెట్‌ను చూడదు కాబట్టి డ్యాష్‌బోర్డు అంతా పచ్చగానే కనిపిస్తుంది. అవతల ప్రయాణికుడి ఫోన్‌లో మాత్రం ‘ఈ సైట్ సురక్షితం కాదు’ అన్న హెచ్చరిక. 38 నిమిషాల్లో 25 నిమిషాలు సమస్య ఉందని తెలుసుకోవడానికే పోయాయి, అదీ కస్టమర్ కేర్‌కు ఫోన్లు వస్తే. సర్టిఫికెట్ మార్చడానికి పట్టింది 13 నిమిషాలే. లోపలి గ్రాఫులతో లెక్క కడితే ఈ 38 నిమిషాలు అసలు లెక్కలోకే రావు, అంకె ఉన్నదానికన్నా అందంగా తేలుతుంది. ఎక్కడి నుంచి కొలిచారన్నది అంకెతో పాటు రాయమనేది ఇందుకే.

ఆ తర్వాత ఈ ఇంజనీరు చేసిన పనే రెజ్యూమేకు ప్రాణం. అప్పటిదాకా 40 డొమైన్ల గడువులు ఒక ఎక్సెల్ షీటులో ఉండేవి. వాటిని సర్ట్‌బాట్‌తో ఆటోమేటిక్‌గా రెన్యూ అయ్యేలా పెట్టాడు. రెన్యూ కాకపోతే గడువుకు 21 రోజుల ముందే అలర్ట్ వచ్చేలా చేశాడు. బయటి నుంచి నిమిషానికోసారి సైట్ తెరిచి చూసే చెక్ కూడా పెట్టాడు. ఇప్పుడు ఆ వాక్యం ఇలా మారుతుంది: ‘బస్ బుకింగ్ సర్వీసుకు జనవరి–మార్చిలో 99.95 శాతం అప్‌టైమ్, ప్రయాణికులకు సర్వీసు ఆగిన నిమిషాలతో లెక్కించినది. ఒక సర్టిఫికెట్ అవుటేజ్ తర్వాత 40 డొమైన్ల రెన్యూవల్‌ను ఆటోమేట్ చేశాను. తర్వాతి 9 నెలల్లో గడువు తీరిన సర్టిఫికెట్ ఒక్కటీ లేదు.’ పొడుగు పెరిగింది, నిజమే. కానీ అడగబోయే ప్రశ్నలకు సగం జవాబులు అందులోనే ఉన్నాయి.

ఆటోమేషన్ దగ్గర ‘డిప్లాయ్‌మెంట్ సమయం 87 శాతం తగ్గించాను’ అనే తరహా వాక్యాలు ఎక్కువ. ఎంతనుంచి ఎంతకు తగ్గిందో తెలియకపోతే శాతంతో పనిలేదు. ఎనిమిది నిమిషాలు ఒకటయినా దాదాపు అంతే శాతం వస్తుంది. మన ఉదాహరణలో ముగ్గురు కూర్చుని చెక్‌లిస్టు చూస్తూ చేతితో చేసే రిలీజ్‌కు 90 నిమిషాలు పట్టేది. జెంకిన్స్ పైప్‌లైన్ వచ్చాక 12 నిమిషాలు. ఈ రెండు అంకెలూ రాస్తే చాలు. పక్కన ఇంకొకటి ఉంటే మరీ మంచిది: వేగం పెరిగాక తప్పుడు రిలీజ్‌లు పెరిగాయా, తగ్గాయా? పైప్‌లైన్‌తో చెత్త కోడ్ కూడా త్వరగానే ప్రొడక్షన్‌కు చేరుతుంది. 22 నిమిషాల అవుటేజ్‌లో చేతితో చేసిన రోల్‌బ్యాక్ ఇప్పుడు 4 నిమిషాల్లో అయిపోతోందంటే, అది వేగం కన్నా బరువైన మాట.

స్కేల్ గురించి ‘వందలాది సర్వర్లు’ అని ఉజ్జాయింపుగా రాయనక్కర్లేదు. కంపెనీలో ఉండగానే లెక్క తీసి పెట్టుకోవచ్చు.

```
terraform state list | wc -l
kubectl get nodes --no-headers | wc -l
```

మొదటిది టెర్రాఫామ్ చేతిలో ఉన్న వనరుల సంఖ్య ఇస్తుంది. అందులో చదవడానికి మాత్రమే వాడిన డేటా సోర్సులూ కలుస్తాయి కాబట్టి వాటిని తీసేయాలి. రెండోది కుబర్నెటీస్ క్లస్టర్‌లో ఆ క్షణాన ఉన్న నోడ్లు. ఆటోస్కేలింగ్ ఉన్నచోట ‘ఆ క్షణాన’ అన్నదే కీలకం. మామూలు రాత్రి 30 ఉన్న నోడ్లు సంక్రాంతి టికెట్ల రద్దీలో 110కి చేరితే, ఒకే అంకె రాయడం కన్నా ‘30 నుంచి 110’ అని రాస్తే పని ఎలాంటిదో తెలుస్తుంది. టీంలో ఎంతమందో కూడా చెప్పాలి. 110 నోడ్లను నలుగురు చూసుకోవడం వేరు, నలభైమంది చూసుకోవడం వేరు. అందులో తన చేతి పని ఏదో విడిగా చెప్పాలి. ‘నలుగురి టీంలో సర్టిఫికెట్లు, రిలీజ్ పైప్‌లైన్ నావి’ అన్న వాక్యం ఎవరినీ చిన్నబుచ్చదు. ఇంటర్వ్యూలో డేటాబేస్ గురించి లోతుగా అడిగితే ‘అది నా సహోద్యోగి చూసేవాడు’ అనడానికీ దారి ఉంటుంది.

హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో నేర్చుకుని, ప్రొడక్షన్ ఇంకా చూడని వాళ్లకు ఈ అంకెలు ఉండవు. వాళ్లు సొంత ప్రాజెక్టులో మూడు నోడ్ల క్లస్టర్ కట్టి, ఒక నోడ్‌ను కావాలని ఆపేసి, సర్వీసు ఎన్ని సెకన్లలో కోలుకుందో కొలిచి, ‘ప్రాక్టీస్ ప్రాజెక్టు’ అని స్పష్టంగా రాసుకోవచ్చు. అరువు తెచ్చుకున్న 99.99 కన్నా ఆ సెకన్ల లెక్క గురించి ఎక్కువసేపు మాట్లాడగలరు.

అనుభవం ఉన్నవాళ్లకు ఇంకో జాగ్రత్త. ఒప్పందంలో గోప్యత షరతు ఉంటే క్లయింటు పేరు తీసేసి ‘ఒక ట్రావెల్ సంస్థ’ అని రాయాలి. బుకింగ్‌ల కచ్చితమైన సంఖ్య బయటపెట్టకుండా ‘నెలకు 10 లక్షలకు పైగా’ అంటే సరిపోతుంది. అదీ కంపెనీ అభ్యంతరం చెప్పనప్పుడే. అకౌంట్ ఐడీలు, ఐపీ అడ్రసులు, లోపలి సర్వర్ల పేర్లు ఏ రెజ్యూమేలోనూ ఉండకూడదు. గిట్‌హబ్‌లో పెట్టే నమూనా కోడ్‌కూ ఇదే వర్తిస్తుంది. ఆఫీసు టెర్రాఫామ్ ఫైళ్లను పేర్లు మార్చి పెట్టినా, వాటితో పాటు పొరపాటున ఎక్కిన స్టేట్ ఫైల్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లోనే ఉండే అవకాశం ఉంది.