ఫండ్‌కు 8 శాతం లాభం, మన పొదుపుకు నష్టం: రెండూ నిజమే!

పిల్లల ఇంజనీరింగ్ ఫీజుల కోసం మ్యూచువల్ ఫండ్‌లో డబ్బు పెట్టే తల్లిదండ్రులకు ఒక్కోసారి ఈ సందేహం వస్తుంది. ఫండ్ ఏటా 8 శాతం పెరిగిందని కాగితం మీద ఉంటుంది. మన ఖాతాలో మాత్రం పెట్టినంత కూడా ఉండదు. లెక్క తప్పిందా?

తప్పలేదు. సెన్సెక్స్ నిజమైన అంకెలతోనే చూద్దాం. 2006 చివర అది సుమారు 13,787. 2007 చివరికి 20,287కి ఎగబాకింది. 2008లో 9,647కి పడిపోయి, 2009 చివరికి 17,465కి కోలుకుంది.

సెన్సెక్స్‌ను అచ్చంగా అనుసరించే ఫండ్‌లో ఒక తండ్రి 2006 చివర లక్ష రూపాయలు పెట్టారనుకోండి. డివిడెండ్లు, ఖర్చులు పక్కన పెడదాం. ఏడాదిలో ఆ లక్ష 1.47 లక్షలైంది. ధైర్యం వచ్చి 2007 చివర మరో 4 లక్షలు కలిపారు. (మనలో చాలామందికి ధైర్యం వచ్చేది మార్కెట్ పెరిగాకే!) మొత్తం 5.47 లక్షలు. 2008లో అది 2.60 లక్షలకు కరిగిపోయింది. 2009లో మార్కెట్ 81 శాతం పెరిగినా చేతికి వచ్చింది 4.71 లక్షలే. పెట్టింది 5 లక్షలు.

ఫండ్ మాత్రం 13,787 నుంచి 17,465కి చేరింది కాబట్టి మూడేళ్లలో ఏటా సగటున 8.2 శాతం పెరిగినట్టే. దీన్ని టైమ్-వెయిటెడ్ రిటర్న్ అంటారు. ఎవరు ఎప్పుడు ఎంత వేశారన్నది ఇందులోకి రాదు. లక్ష ఉన్న ఏడాదికీ, 5 లక్షలున్న ఏడాదికీ ఒకటే విలువ. డబ్బు ఎప్పుడు వేయాలో నిర్ణయించేది ఫండ్ మేనేజర్ కాదు కాబట్టి, ఆయన పనితీరు చూడటానికి ఈ కొలతే న్యాయం.

మన రూపాయలకు ఏమైందో చెప్పేది మనీ-వెయిటెడ్ రిటర్న్. ఎక్కువ డబ్బు ఉన్న కాలానికి ఇందులో ఎక్కువ బరువు. ఆ తండ్రి విషయంలో 2007 మంచి ఏడాదిని చూసింది లక్ష మాత్రమే, 2008 దెబ్బ తిన్నది 5.47 లక్షలు. అందుకే ఆయన రిటర్న్ ఏటా మైనస్ 2.7 శాతం. అదే 4 లక్షలు ఒక్క ఏడాది ఆగి 2008 చివర వేసి ఉంటే చేతిలో 8.5 లక్షలు ఉండేవి. అప్పుడు కూడా ఫండ్ అంకె 8.2 శాతమే!

మీ లెక్క మీరే చూసుకోవాలంటే ఎక్సెల్‌లో A వరుసలో తేదీలు, B వరుసలో మొత్తాలు రాయండి. వేసిన డబ్బుకు ముందు మైనస్ గుర్తు పెట్టండి, నేటి విలువకు అక్కర్లేదు. తర్వాత ఇలా టైప్ చేయండి:

```
=XIRR(B1:B3,A1:A3,-0.1)
```

చివరి -0.1 మన తొలి అంచనా. నష్టంలో ఉన్నప్పుడు అది ఇవ్వకపోతే ఎక్సెల్ ఒక్కోసారి తడబడి దాదాపు సున్నా చూపిస్తుంది. పెట్టిన దానికన్నా బాగా తగ్గినా సున్నా కనబడితే కారణం ఇదే.