వార్తల్లో పదం: శాట్ సమస్య

షరతులన్నీ ఒకేసారి నెరవేరేలా చలరాశులకు ‘నిజం’ లేదా ‘అబద్ధం’ విలువలు వెతకడమే బూలియన్ శాటిస్‌ఫయబిలిటీ, పొట్టిగా శాట్. ‘లేదా’కు ∨, ‘మరియు’కు ∧, ‘కాదు’కు ¬ గుర్తులు. ఈ సూత్రం చూడండి:

(x ∨ y) ∧ (¬x ∨ z) ∧ (¬y ∨ ¬z)

x నిజమనుకుంటే రెండో షరతు కోసం z నిజం కాక తప్పదు. అప్పుడు మూడోది నిలవాలంటే y అబద్ధం కావాలి. మొదటిది x వల్లే నెరవేరింది. జవాబు దొరికింది.

ఇక్కడున్నవి 8 అవకాశాలే. చలరాశులు 100 అయితే అవకాశాల సంఖ్యకు 31 అంకెలు! చేతికిచ్చిన జవాబును సరిచూడటం మాత్రం క్షణాల పని. ఇలా త్వరగా సరిచూడగల సమస్యల తరగతే ఎన్‌పీ. వాటిలో ప్రతిదాన్నీ వేగంగా శాట్‌గా మార్చవచ్చని 1971లో స్టీఫెన్ కుక్ నిరూపించారు. ఎలాగంటే, టేపు గడుల్లో గుర్తులు చదువుతూ, రాస్తూ జవాబును సరిచూసే యంత్రం ప్రతి అడుగులో ఏ స్థితిలో ఉందో, టేపు గడిలో ఏ గుర్తుందో చలరాశులుగా రాస్తే, యంత్రం నియమాలే షరతులవుతాయి. సోవియట్ యూనియన్‌లో లియొనిద్ లెవిన్ విడిగా ఇలాంటి ఫలితమే సాధించారు.

కాబట్టి శాట్‌కు వేగమైన పద్ధతి దొరికితే ఎన్‌పీ అంతటికీ దొరికినట్టే. జవాబు ఉందో లేదో చెప్పే పద్ధతైనా చాలు. xను నిజమని పెట్టి జవాబు ఉందా అని అడగాలి; ఉందంటే నిజమని, లేదంటే అబద్ధమని ఖాయం చేయాలి. ఇలా ఒక్కో చలరాశినీ తేల్చుకుంటూ పోతే జవాబే బయటపడుతుంది. అలాంటి వేగమైన పద్ధతి అసలు ఉందా అన్నది ఇంకా ఎవరూ తేల్చలేదు.