పదేళ్ల పాపకు తొలి మెయిల్ ఐడీ

ఐదో తరగతికి వచ్చేసరికి చాలామంది పిల్లలకు మెయిల్ ఐడీ కావాల్సి వస్తోంది. ఒలింపియాడ్ పరీక్షకు పేరు ఇవ్వాలన్నా, ఆన్‌లైన్‌లో కోడింగ్ క్లాసులో చేరాలన్నా, డాలస్‌లో ఉన్న పిన్నికి తను వేసిన బొమ్మ పంపాలన్నా ముందు అడిగేది అదే. అప్పుడు ఎన్నో ఇళ్లలో నాన్న ఫోన్ అందుకుని, 2015లో పుట్టిన పాపకు 2005 అని కొట్టేస్తాడు. రెండు నిమిషాల్లో ఖాతా వచ్చేస్తుంది.

చిక్కంతా ఆ ఒక్క అంకెలోనే ఉంది. గూగుల్ లెక్కలో ఆ పాప ఇప్పుడు ఇరవై నిండిన మనిషి. అదే ఖాతాతో యూట్యూబ్ తెరిస్తే పెద్దలకు మాత్రమే అని గుర్తు వేసిన వీడియోలకు అడ్డు ఉండదు. ప్రకటనలు కూడా పెద్దవాళ్లకు వేసేవే వస్తాయి. అసలు వయసు బయటపడితే ఖాతా ఆగిపోతుంది, అందులో దాచుకున్న ఫొటోలూ ఉత్తరాలూ చిక్కుకుపోతాయి. పైగా, అవసరం పడితే ఇంటర్నెట్‌లో వయసు మార్చి చెప్పొచ్చని పాప తొలిరోజే, అదీ నాన్న దగ్గరే, నేర్చుకుంటుంది.

సొంతంగా గూగుల్ ఖాతా తెరవడానికి మన దేశంలో 13 ఏళ్లు నిండాలి. అమెరికా, ఆన్‌లైన్‌లో పిల్లల వివరాల రక్షణకు 1998లో చేసిన చట్టంలో పెట్టిన హద్దు 13 ఏళ్లు. అమెరికా కంపెనీల్లో చాలా వరకు దాన్నే పాటిస్తున్నాయి. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇంకా ముందుకు వెళ్లి 18 ఏళ్లలోపు అందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. కాబట్టి పదేళ్ల పాపకు జీమెయిల్ కావాలంటే సరైన దారి ఒక్కటే: అమ్మో నాన్నో తమ ఖాతా కింద, ఫ్యామిలీ లింక్ అనే యాప్ ద్వారా తెరవడం.

పని కష్టమేమీ కాదు. మీ ఫోన్‌లో ఫ్యామిలీ లింక్ వేసుకుని, మీ ఖాతాతో లోపలికి వెళ్లి, పిల్లల్ని చేర్చే చోట కొత్త ఖాతా ఎంచుకోవాలి. పాప పేరు, అసలు పుట్టినతేదీ ఇవ్వాలి. మీరు పెద్దవారేనని నిర్ధారించుకోవడానికి గూగుల్ మీ పాస్‌వర్డ్ అడుగుతుంది, ఒక్కోసారి ఇంకో రుజువు కూడా అడగొచ్చు. ఇంకో మాట: అమ్మానాన్నలిద్దరికీ పర్యవేక్షణ అధికారం ఇచ్చుకోండి. ఒకరు ఊళ్లో లేనప్పుడు పాప పాస్‌వర్డ్ మర్చిపోతే రెండోవారు తమ ఫోన్ నుంచే మార్చేయగలరు.

ఐడీ ఎంచుకునేటప్పుడు మాత్రం తొందరపడకండి. పాప పూర్తి పేరు, ఇంటిపేరు, పుట్టిన సంవత్సరం కలిపి పెడితే ఆ ఐడీ చూసిన ప్రతివారికీ ఆమె వయసు తెలిసిపోతుంది. బడి పేరు అసలే వద్దు. ఇష్టమైన పువ్వు పేరో, పక్షి పేరో తీసుకుని పక్కన అర్థం లేని రెండు అంకెలు చేర్చితే చాలు.

ఇలా తెరిచిన జీమెయిల్‌లో ప్రకటనలు రావు. స్పామ్ అని గూగుల్ పసిగట్టిన మెయిళ్లు ఇన్‌బాక్స్‌కే కాదు, స్పామ్ ఫోల్డర్‌కూ చేరవు. కొత్త ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో పాప లాగిన్ కావాలంటే మీ అనుమతి కావాలి. ఇదంతా బాగుంది. కానీ తల్లిదండ్రుల్లో చాలామంది పొరబడేది ఇక్కడే. పాపకు ఎవరు ఏం రాశారో ఫ్యామిలీ లింక్ మీకు చూపించదు. ఏ యాప్ ఎంతసేపు వాడిందో చెబుతుంది, రాత్రి తొమ్మిదికి ఫోన్‌కు తాళం వేస్తుంది, ఉత్తరాలు మాత్రం చదివి పెట్టదు. పాప మెయిల్ మీ మెయిల్‌కు దానంతటదే వచ్చేలా పెట్టుకుందామన్నా పిల్లల ఖాతాల్లో ఆ సదుపాయం లేదు.

అందుకని ఇన్‌బాక్స్ దగ్గరే ఒక గడప కట్టుకోవాలి. ముందు పాపతో కూర్చుని ఎవరెవరితో ఉత్తరాలు నడపాలో జాబితా రాయండి. అమ్మ, నాన్న, తాతయ్య, పిన్ని, క్లాస్ టీచరు. మొదటి ఏడాదికి ఈ ఐదుగురు చాలు. తర్వాత కంప్యూటర్‌లో పాప జీమెయిల్ తెరవండి, ఫోన్ యాప్‌లో ఈ పని కుదరదు. పైన వెతికే పెట్టె పక్కన ఉన్న గీతల గుర్తు నొక్కితే ఒక ఫారం వస్తుంది. అందులో Has the words అన్నచోట ఆ ఐదుగురి ఐడీలు ఇలా రాయాలి:

```
-from:(amma@example.com OR nanna@example.com OR tata@example.com OR pinni@example.com OR teacher@example.com)
```

ముందున్న చిన్న గీత ముఖ్యం. వీళ్లు కాక మిగతా అందరూ అని దాని అర్థం. Create filter నొక్కాక వచ్చే వాటిలో Skip the Inbox, Apply the label రెండూ ఎంచుకుని, ‘నాన్నతో చూడాలి’ అని ఒక లేబుల్ పెట్టండి. ఇక కొత్తవాళ్ల మెయిల్ ఏది వచ్చినా ఇన్‌బాక్స్‌లో కనిపించకుండా అందులోకి పోతుంది. పని చేస్తోందో లేదో తెలియాలంటే జాబితాలో లేని బాబాయి చేత ఒక మెయిల్ పెట్టించి చూడండి. అది ఇన్‌బాక్స్‌లో కనబడితే గీత మర్చిపోయి ఉంటారు. జాబితాలో ఉన్నవాళ్ల మెయిల్ లేబుల్‌లోకి పోతే ఏదో ఐడీలో అక్షరం తప్పి ఉంటుంది.

ఇది తాళం కాదు. ఆ లేబుల్‌ను పాప ఎప్పుడైనా తెరవగలదు, తెలివైనదైతే ఫిల్టర్‌నే తీసేయగలదు. అందుకే ఈ ఏర్పాటు ఆమెకు చెప్పకుండా చేయకూడదని నా గట్టి అభిప్రాయం. ‘కొత్తవాళ్ల మెయిళ్లు ఆదివారం ఇద్దరం కలిసి చూద్దాం, నీ స్నేహితులు రాసుకునేవి నువ్వు లేకుండా నేను తెరవను’ అని మాట ఇచ్చి, నిలబెట్టుకోవాలి. దొంగచాటుగా చదివే నాన్నకు దొరక్కుండా ఇంకో ఖాతా తెరవడం ఈ కాలం పిల్లలకు పెద్ద పని కాదు.

ఆ ఆదివారం పావుగంట అసలు చదువు అదే. ఆటలో వజ్రాలు ఉచితం అంటూ ఒక మెయిల్ వచ్చిందనుకోండి. పంపినవాళ్ల పేరు ఆ గేమ్ కంపెనీదే ఉంటుంది. ఆ పేరు మీద నొక్కి అసలు ఐడీ చూపించండి. కంపెనీకి సంబంధం లేని అక్షరాల గుంపు కనిపిస్తుంది. పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు, చూడాల్సింది @ తర్వాత ఉన్నదాన్ని అని పాప కళ్లారా చూస్తే మళ్లీ చెప్పాల్సిన పని పెద్దగా ఉండదు. అలాగే ఏదైనా గేమ్‌లోకి గూగుల్ ఖాతాతో లాగిన్ అవుతానంటే అనుమతి మీ దగ్గరికి వస్తుంది. చూడకుండా నొక్కేయకండి. ఆ గేమ్‌లో అపరిచితులతో చాట్ ఉందేమో ముందు కనుక్కోండి.

ఎప్పుడైనా బెదిరిస్తూనో, ఫొటోలు అడుగుతూనో మెయిల్ వస్తే పాపను కోప్పడకండి, ఫోన్ లాక్కోకండి. కోప్పడితే రెండోసారి మీకు చెప్పదు. మెయిల్ డిలీట్ చేయకండి, జవాబు ఇవ్వకండి. అదే సాక్ష్యం కాబట్టి దాన్ని అలాగే ఉంచి cybercrime.gov.in లో ఫిర్యాదు చేయండి. ఫోన్‌లో చెప్పాలంటే సైబర్ నేరాలకు 1930, పిల్లల సహాయానికి 1098. ఈ రెండు నంబర్లూ ఖాతా తెరిచిన రోజే మీ ఫోన్‌లో ఎక్కించుకోండి.