ఆ గడిలో మూడా, ఎనిమిదా?

రాత్రి పదిన్నరకి మా మేనకోడలు ఫోన్లో ఒక ఫోటో పంపింది. బీయస్సీ స్టాటిస్టిక్స్ రెండో ఏడు చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. లైబ్రరీ పుస్తకంలోని ఒక పట్టికని ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా తీసింది. పేజీ మడత దగ్గర గీతలు వంగిపోయాయి. ఒక గడి మీద వెలుతురు పడి అంకె సగం చెరిగినట్టు కనిపిస్తోంది. "మామయ్యా, ఆ గడిలో ఉన్నది మూడా, ఎనిమిదా? పుస్తకం ఫ్రెండు తీసుకెళ్లిపోయింది. రేపటికి కై స్క్వేర్ చేసుకెళ్లాలి" అని కింద రాసింది.

పట్టిక చూడగానే గుర్తుపట్టాను. ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని, ఎన్నిసార్లు బోర్డు మీద వేశానో లెక్కలేదు. 1915లో ఇంగ్లండులో మేజర్ గ్రీన్‌వుడ్, ఉడ్నీ యూల్ అనే ఇద్దరు కలిసి టైఫాయిడ్, కలరా టీకాల లెక్కల మీద ఒక పెద్ద వ్యాసం రాశారు. (మేజర్ అన్నది ఆయన పేరే, సైన్యంలో హోదా కాదు.) వాళ్ల పేరుతోనే పాఠ్యపుస్తకాల్లో తిరుగుతున్న కలరా పట్టిక అది.

| | కలరా సోకినవారు | సోకనివారు | మొత్తం |
|---|---|---|---|
| టీకా వేయించుకున్నవారు | ? | 276 | 279 |
| వేయించుకోనివారు | 66 | 473 | 539 |
| మొత్తం | 69 | 749 | 818 |

జవాబు నాకు తెలుసు, కానీ చెప్పలేదు. చుట్టూ ఉన్న మొత్తాలు బాగానే కనబడుతున్నాయి కదా, వాటిని పట్టుకుని నువ్వే తేల్చుకో అన్నాను. అడ్డంగా చూస్తే 279లోంచి 276 తీసేస్తే 3. నిలువుగా చూస్తే 69లోంచి 66 తీసేస్తే మళ్లీ 3. రెండు దారులూ ఒకే అంకె దగ్గరికి చేరాయి. అడ్డంగా ఒకటి, నిలువుగా ఇంకొకటి వచ్చి ఉంటే, మనం అనుమానించని వేరే అంకెని కూడా ఎక్కడో తప్పు చదివామని అర్థం. ఫోటోలోంచి అంకెలు దించుకునేటప్పుడు మూడు ఎనిమిదిలా, ఒకటి ఏడులా కనబడటం మామూలే. అందుకని లెక్క మొదలుపెట్టక ముందే ప్రతి వరుసనీ, ప్రతి నిలువునీ కూడి సరిచూసుకోవాలి. ఆ అంకె తేలిపోయిన ఈ చిన్న తీసివేతని గుర్తుపెట్టుకోమన్నాను. దానితో మళ్లీ పని పడుతుంది.

ఇక అసలు ప్రశ్న. టీకా వేయించుకున్న 279 మందిలో ముగ్గురికి కలరా వచ్చింది, అంటే నూటికి ఒకరు. వేయించుకోని 539 మందిలో 66 మందికి వచ్చింది, అంటే నూటికి పన్నెండుగురు. తేడా పెద్దదే. కానీ టీకాకి ఏ ప్రభావమూ లేకపోయినా, వట్టి కాకతాళీయంగా ఇంత తేడా రావచ్చా? కై స్క్వేర్ జవాబు చెప్పేది ఈ ఒక్క ప్రశ్నకే.

దాని పద్ధతి న్యాయంగా ఉంటుంది. ముందు ఎదుటి వాదాన్ని పూర్తిగా ఒప్పుకుంటుంది. టీకాకీ జబ్బుకీ ఏ సంబంధమూ లేదనుకుందాం. శూన్య పరికల్పన అని క్లాసులో చెప్పేది దీన్నే. అలాగైతే వేయించుకున్నవాళ్లూ, వేయించుకోనివాళ్లూ అందరూ ఒకటే. మొత్తం 818 మందిలో 69 మందికి జబ్బు వచ్చింది కాబట్టి నూటికి 8.4 మంది. ఇదే పాళ్లు టీకా వేయించుకున్న 279 మందికీ వర్తించాలి. 279ని 69తో గుణించి 818తో భాగిస్తే 23.53 వస్తుంది. సంబంధమే లేకపోతే ఆ గడిలో ఉండాల్సినది ఇంచుమించు ఇరవై మూడున్నర. ఉన్నది మూడు.

"మనిషిలో సగం ఎలా మామయ్యా? 24 అని రాసెయ్యనా?" అని అడిగింది. వద్దన్నాను. అది తల లెక్కపెట్టి రాసిన సంఖ్య కాదు, ఇలాంటి గుంపుల్ని మళ్లీ మళ్లీ తీసుకుంటే వచ్చే సగటు. ఇక్కడ సవరిస్తే ఆ తప్పు చివరిదాకా వెంట వస్తుంది.

మిగతా మూడు గడులకీ మళ్లీ గుణించి భాగించక్కర్లేదు. 69లోంచి 23.53 తీసేస్తే కింది గడికి 45.47. 279లోంచి తీసేస్తే పక్క గడికి 255.47. 749లోంచి ఆ 255.47 తీసేస్తే నాలుగో గడికి 493.53. ఇప్పుడు ప్రతి గడిలోనూ ఉన్నదానికీ, ఉండాల్సినదానికీ తేడా రాయమన్నాను. కాసేపాగి కంగారుగా ఫోను చేసింది. నాలుగు గడుల్లోనూ 20.53 వచ్చిందట, ఎక్కడో తప్పు చేశానేమోనంది. తప్పు కాదు, అలా రాకపోతేనే తప్పు. వరుస మొత్తం మారదు కాబట్టి ఒక గడిలో ఇరవై తగ్గితే పక్క గడిలో ఇరవై పెరిగి తీరాలి. నిలువు వరుసకీ అంతే. రెండు వరుసలు, రెండు నిలువుల పట్టికలో నాలుగు తేడాలూ సమానంగా రాకపోతే గుణకారంలో ఎక్కడో పొరపాటు జరిగినట్టే.

తేడా నాలుగు చోట్లా ఒకటే అయినా దాని బరువు ఒకటి కాదు. దాదాపు 494 మంది ఉండాల్సిన చోట ఇరవై మంది అటూ ఇటూ అయితే పట్టించుకోం. 24 మంది ఉండాల్సిన చోట ఇరవై మంది కనబడకపోతే ఉలిక్కిపడతాం. అందుకే తేడాని వర్గం చేసి, ఆ గడిలో ఉండాల్సిన సంఖ్యతో భాగిస్తారు. 20.53 వర్గం 421.5. దాన్ని 23.53తో భాగిస్తే 17.91, 255.47తో భాగిస్తే 1.65, 45.47తో భాగిస్తే 9.27, 493.53తో భాగిస్తే 0.85. అన్నీ కూడితే 29.7. కై స్క్వేర్ విలువ అదే. అందులో అరవై శాతం ఒక్క గడి నుంచే వచ్చింది. ఫోటోలో మసకబారిన గడి అదే.

ఇక్కడ పిల్లలు తరచుగా పడే ఒక గొయ్యి ఉంది. గడిలో అయిదు కంటే తక్కువ ఉంటే కై స్క్వేర్ చెయ్యకూడదని ఎవరో చెప్పి ఉంటారు. ఇక్కడ 3 కనబడగానే ఆగిపోతారు. ఆ నియమం ఉండాల్సిన సంఖ్య గురించి, ఉన్న సంఖ్య గురించి కాదు. ఉండాల్సింది 23.53 కాబట్టి ఇబ్బంది లేదు. అక్కడ మూడే ఉండటం ఈ పట్టిక మనకి చెబుతున్న విషయం, లోపం కాదు.

29.7ని దేనితో పోల్చాలి? పట్టికల పుస్తకంలో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 1 దగ్గర, అయిదు శాతం స్థాయిలో 3.84 అని ఉంటుంది. మనది దాన్ని ఎప్పుడో దాటింది. సంబంధమే లేని లోకంలో ఇంత తేడా, లేదా ఇంతకు మించిన తేడా, కాకతాళీయంగా రావడం సుమారు రెండు కోట్లలో ఒకసారి.

"గడులు నాలుగుంటే ఒకటి అంటారేమిటి?" అని అడిగింది. ఈ ప్రశ్న అడగకుండా ఒకటి అని బట్టీ పట్టి పరీక్ష రాసేవాళ్లే ఎక్కువ, అందుకే అడిగినందుకు సంతోషమేసింది. ఇందాక మసక గడిలో మూడు ఉందని ఎలా తెలిసింది? చుట్టూ మొత్తాలు ఉన్నాయి కాబట్టి. మొత్తాలు ఖాయమైతే ఏ ఒక్క గడి తెలిసినా మిగతా మూడూ తీసివేతలతో వచ్చేస్తాయి. స్వేచ్ఛగా మారగలిగేది ఒక్క గడే. ఆ ఒకటికి అర్థం అంతే.

ఇంత తేలిగ్గా కనబడే ఈ విషయం తేలడానికి ఇరవై రెండేళ్లు పట్టింది. కై స్క్వేర్‌ని 1900లో లోకానికి ఇచ్చిన కార్ల్ పియర్సన్, ఇలాంటి పట్టికలో గడుల సంఖ్యలోంచి ఒకటి మాత్రమే తగ్గించాలన్నాడు. అంటే నాలుగు గడులకి మూడు. ఆ లెక్కన దాటాల్సిన గీత 3.84 కాదు, 7.81. గ్రీన్‌వుడ్, యూల్ 1915 వ్యాసంలో ఈ చిక్కే ఎదుర్కొన్నారు. రెండు శాతాల మధ్య తేడాని నేరుగా పరీక్షిస్తే ఒక సంభావ్యత వస్తోంది, పియర్సన్ దారిలో వెళితే వేరేది వస్తోంది. మన పట్టికతోనే చూడండి. శాతాల తేడాని దాని ప్రామాణిక దోషంతో భాగిస్తే 5.45 వస్తుంది. దాని వర్గం 29.7. రెండూ ఒకే కొలత. అలాంటప్పుడు తీర్పులు రెండు రాకూడదు. 1922లో రోనాల్డ్ ఫిషర్ ఈ ముడి విప్పాడు. ఉండాల్సిన సంఖ్యల్ని ఈ పట్టిక మొత్తాల నుంచే తీసుకుంటున్నాం కాబట్టి వాటివల్ల పోయిన స్వేచ్ఛని కూడా తీసేయాలని, అప్పుడు మిగిలేది ఒకటేనని చూపించాడు. పియర్సన్ ఒప్పుకోలేదు. కలరా పట్టికలో 29.7 రెండు గీతల్నీ దాటేసింది కాబట్టి తీర్పు మారదు. విలువ అయిదో ఆరో వచ్చిన పట్టికలో మాత్రం ఒకరు సంబంధం ఉందంటారు, ఇంకొకరు ఆధారం చాలదంటారు.

అదే తప్పు ఇప్పుడు వేరే దారిలో వస్తోంది. ఫోటోలో ఉన్న తొమ్మిది అంకెల్నీ, మొత్తాలతో సహా, కంప్యూటర్లోకి ఎక్కించేస్తారు. అది మూడు వరుసలు, మూడు నిలువుల పట్టిక అనుకుంటుంది. విచిత్రమేమిటంటే కై స్క్వేర్ విలువ అప్పుడు కూడా 29.7 గానే వస్తుంది. మొత్తాల గడుల్లో ఉన్నదీ ఉండాల్సినదీ ఒకటే అవుతాయి కాబట్టి అవి కొత్తగా ఏమీ కలపవు. విలువ సరిపోయింది కదా అని ఎవరికీ అనుమానం రాదు. కానీ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ నాలుగైపోతుంది, గీత 9.49కి జరిగిపోతుంది. నేను దిద్దిన రికార్డుల్లో ఇది చాలాసార్లు చూశాను. విలువ పక్కన డిగ్రీలు కూడా చూస్తే తప్ప ఇది దొరకదు.

పన్నెండు కావస్తుండగా తను రాసిన ముగింపుని ఫోటో తీసి పంపింది. "కాబట్టి టీకా వల్ల కలరా తగ్గింది" అని ఉంది. ఆ వాక్యం కొట్టెయ్యమన్నాను. లెక్క సరిగ్గానే ఉంది, కానీ ఈ పట్టిక అంత మాట చెప్పదు. టీకా ఎవరు వేయించుకున్నారు? మంచి నీళ్లు దొరికేవాళ్లూ, ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్లూ ముందుకొచ్చి వేయించుకుని ఉంటే, ఆ ముగ్గురు, అరవై ఆరుగురి మధ్య తేడాలో నీళ్ల వాటా ఎంతో కై స్క్వేర్‌కి తెలియదు. ఇంకొకటి కూడా ఉంది. జబ్బు వ్యాపిస్తూండగా మధ్యలో టీకాలు వేస్తే, అంతకు ముందే జబ్బు పడినవాళ్లంతా వేయించుకోనివాళ్ల వరుసలోకి చేరతారు, ఆ వరుస బరువెక్కుతుంది. గ్రీన్‌వుడ్, యూల్ ఆ వ్యాసంలోనే ఈ షరతులు పెట్టారు. రెండు గుంపులూ అన్ని ముఖ్య విషయాల్లోనూ ఒకేలా ఉండాలి, జబ్బు తగిలే అవకాశం ఇద్దరికీ ఒకేలా ఉండాలి. ఈ షరతులు తీరాయో లేదో నాలుగు గడుల్లో ఎక్కడా రాసి ఉండదు. 29.7 కాకతాళీయాన్ని మాత్రమే పక్కకి నెట్టింది, మిగతా కారణాల్ని నెట్టలేదు.

పావుగంట తర్వాత కొత్త ముగింపు వచ్చింది. "టీకాకీ కలరా సోకడానికీ సంబంధం లేదన్న పరికల్పనని అయిదు శాతం స్థాయిలో తిరస్కరిస్తున్నాం. టీకా ఎవరికి, ఎప్పుడు వేశారో ఈ పట్టికలో లేదు." రెండో వాక్యానికి మార్కులుంటాయా అని అడిగింది. ఉండకపోవచ్చు, అయినా ఉంచమన్నాను.