కంటికి పని చెప్పే ఆటలు

తుపాకీ పట్టుకుని దూసుకుపోయే వీడియో గేములంటే చెవికోసుకునే మిత్రులు మనలో చాలామందే ఉన్నారు. నేనూ ఆ కోవలోని వాడినే. అలాంటి వారి చేతికి ‘గాన్ హోమ్’ ఇస్తే పది నిమిషాలు తిరిగి, “ఇందులో శత్రువులేరీ?” అని పక్కన పడేస్తారు. ఈ ఆటలకు ‘వాకింగ్ సిమ్యులేటర్’ అనే పేరు కూడా మొదట వెక్కిరింతగా పెట్టిందే. వీటిని ఆడే పద్ధతి తెలియాలంటే, ముందు వీటికి దూరపు చుట్టమైన మరో ఆటను చూడాలి.

అది 2000లో వారెన్ స్పెక్టర్ దర్శకత్వంలో వచ్చిన ‘డ్యూస్ ఎక్స్’. ఈ తరహా ఆటలను ‘ఇమ్మర్సివ్ సిమ్’ అంటారు. మొదటి ఘట్టం న్యూయార్కులోని లిబర్టీ దీవి. స్వేచ్ఛా ప్రతిమను ఉగ్రవాదులు ఆక్రమించుకున్నారు, పైనున్న వారి నాయకుణ్ణి పట్టుకోవాలి. తుపాకీతో ఎదురుగా వెళ్ళవచ్చు. లేదా రేవులో దాక్కున్న ఒక వేగు దగ్గరికి వెళితే ముఖద్వారం తాళంచెవి దొరుకుతుంది. అదీ కాకపోతే వెనుకవైపు పేర్చిన పెట్టెల మీదుగా ఎక్కవచ్చు. నాయకుడు కనిపించగానే కాల్చనక్కరలేదు. అతడు లొంగిపోతాడు, మాట్లాడితే కథలో మనకు చెప్పని సంగతులు చెబుతాడు. తిరిగి వచ్చాక, ప్రాణాలు తీయకుండా పని ముగిస్తే అన్న పాల్ మెచ్చుకుంటాడు, ఎడాపెడా చంపితే మందలిస్తాడు. చివరికి ఆఫీసులో ఆడవాళ్ళ బాత్‌రూములోకి తొంగిచూసినా పై అధికారి చీవాట్లు పెడతాడు!

ఇక్కడ తూటాలకంటే సమాచారానిదే ఎక్కువ బలం. తలుపుకు తాళం ఉంటే చెవి వెతకవచ్చు, తాళం విప్పే పనిముట్టు వాడవచ్చు, కొన్ని తలుపులనైతే పేల్చేయవచ్చు. పక్కగదిలో ఎవరో రాసిపెట్టుకున్న అంకెలు చదివితే ఏదీ ఖర్చుకాదు. యాక్షన్ ఆటగాళ్ళు ఇక్కడ చేసే పొరపాటు ఒకటుంది. కాపలావాడు చూడగానే పాత సేవ్‌కు వెనక్కి వెళ్ళిపోతారు. అలా చేయకండి. పారిపోయి, దాక్కుని, మరో దారి వెతుక్కోవడంలోనే ఆ ఆట అసలు రుచి ఉంది.

ఇప్పుడు 2013లో వచ్చిన ‘గాన్ హోమ్’కు వద్దాం. దీన్ని మొదలుపెట్టినవారు అంతకుముందు ‘బయోషాక్ 2’కు అనుబంధంగా 2010లో వచ్చిన ‘మినర్వాస్ డెన్’ మీద పనిచేసినవారే. ఇమ్మర్సివ్ సిమ్ నుంచి పోరాటాన్ని తీసేసి, పరిశీలనను మాత్రం మిగిల్చారు. ‘డ్యూస్ ఎక్స్’లో కనిపించే 0451 అనే సంకేతాన్ని ఈ ఇంట్లోనూ ఒక తాళానికి పెట్టారు. అది తమ వంశం చెప్పుకోవడమే.

1995 జూన్ 7, అర్ధరాత్రి దాటింది, బయట గాలివాన. యూరప్ నుంచి వచ్చిన కేటీ, అమ్మానాన్నా కొత్తగా చేరిన ఒరెగాన్ ఇంటి గుమ్మంలో నిలబడింది. ఇంట్లో ఎవరూ లేరు. తన కోసం వెతకవద్దని చెల్లెలు శామ్ తలుపుకు చీటీ అంటించింది. ఇల్లంతా తిరిగి, సొరుగులు లాగి, కాగితాలు చదివి ఏం జరిగిందో తెలుసుకోవడమే ఆట. ఎవరూ కాల్చరు, ఎవరూ చావరు.

చెల్లెలి కథను ఆమె గొంతే మనకు వినిపిస్తుంది. తండ్రి కథ ఎవరూ చెప్పరు. అమ్ముడుపోని ఆయన నవలలు పెట్టెల నిండా కనిపిస్తాయి. వాటి కథానాయకుడు కాలంలో వెనక్కి వెళ్ళి 1963లో కెనెడీ హత్యను ఆపబోతాడు. ఆయన ఎందుకిలా ఒకే సంవత్సరం చుట్టూ తిరుగుతున్నాడు? ఇల్లు ఆయనకు మేనమామ నుంచి సంక్రమించింది. నేలమాళిగ గోడ మీద చిన్నప్పటి ఆయన ఎత్తు కొలిచిన గీతలున్నాయి, అవి కూడా 1963తో ఆగిపోతాయి. మేనమామ ఉత్తరాన్ని కూడా పక్కన పెట్టుకు చూస్తే, ఈ కుటుంబం దాచుకున్న నొప్పి మన మనసులోనే రూపు కడుతుంది. వేగంగా పోయేవాడు ఇవన్నీ దాటేసి, రెండు గంటల ఆటను కొద్ది నిమిషాల్లో ముగించేయగలడు. అతనికి ఒక ఖాళీ ఇల్లు తప్ప ఏమీ కనబడదు.

లోపాలూ లేకపోలేదు. రహస్యం తెలిశాక రెండోసారి ఆడాలనిపించదు, ఆ గంటలకు ఆ ధర ఎక్కువని కొందరు వాపోయారు. చిన్న గదుల్లో కెమెరా తిప్పుతుంటే కొందరికి తల తిరుగుతుంది.

మీరు సరిగా ఆడుతున్నారా లేదా తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఒక గదిలోంచి బయటికి వచ్చి, ఆ గదిలో ఉండే మనిషి గురించి ఆట నేరుగా చెప్పని ఒక్క సంగతి చెప్పండి. చెప్పగలిగితే ముందుకు నడవండి. లేకపోతే వెనక్కి వెళ్ళి ఇంకో సొరుగు లాగండి.